రిఫరల్ మీద ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? మిమ్మల్ని రిఫర్ చేసిన మనిషి మాట పోకుండా ఎలా చూసుకోవాలి

"పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో చేస్తున్నాడు. వాళ్ళ కంపెనీలో నా రెజ్యూమే పెట్టాడు, ఇంటర్వ్యూకి పిలిచారు. నేను సరిగ్గా చెప్పలేకపోతే అన్న పేరు పోతుందా?" నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. కాస్త అటూ ఇటూగా ఇంకోటి కూడా అడుగుతారు: "అన్న లోపలే ఉన్నాడు కదా, ఇంటర్వ్యూ ఊరికే పేరుకేనా?"

రెండో దానికి జవాబు చిన్నది. పేరుకి కాదు. రిఫరల్ వల్ల మీ రెజ్యూమేని ఒక మనిషి తెరిచి చూస్తాడు, అంతవరకే. ఆ తర్వాత అందరినీ అడిగేవే మిమ్మల్నీ అడుగుతారు.

మొదటిదానికి జవాబు చాలామంది అనుకునేదానికి వేరుగా ఉంటుంది. ఇంటర్వ్యూలో తప్పినంత మాత్రాన రిఫర్ చేసినవాళ్ళ పేరు పోదు. రిఫరల్ మీద వచ్చినవాళ్ళలో ఎంతోమంది ఎంపిక కారని హెచ్‌ఆర్ వాళ్ళకి బాగా తెలుసు. పేరు పోయేది నాలుగు చోట్ల: రెజ్యూమేలో రాసింది నిజం కాదని తేలినప్పుడు, ఒప్పుకున్న టైముకి మనిషి రానప్పుడు, ప్రశ్నలు లోపలి నుంచి అందాయన్న అనుమానం వచ్చినప్పుడు, ఆఫర్ తీసుకుని చేరనప్పుడు. ఈ నాలుగింటికీ తెలివితేటలతో సంబంధం లేదు, ముందుచూపుతోనే పని.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఒంగోలులో ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి, నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది. 2023 జూన్ 12న చేరింది. 2026 ఫిబ్రవరి మధ్యలో ఆమె పెద్దమ్మ కొడుకు తన కంపెనీలో ఆమెను రిఫర్ చేస్తున్నాడు. ఉండేది కావలిలో, మొదటి రౌండు వీడియోలో, రెండోది హైదరాబాద్ ఆఫీసులో. మీరు చేసే పని వేరైనా అడుగులు ఇవే.

కావలసినవి

- ఆ ఉద్యోగ ప్రకటన, దాని జాబ్ ఐడీ. "మీ కంపెనీలో ఏదైనా చూడన్నా" అంటే రిఫరల్ కాదు, బరువు ఎత్తి అవతలివాళ్ళ నెత్తిన పెట్టడం.
- చేరిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఉన్న ఆఫర్ లెటర్లు, కడపటి మూడు నెలల పేస్లిప్పులు, పాత కంపెనీ ఉంటే రిలీవింగ్ లెటర్.
- మీ పీఎఫ్ ఖాతాకి ఇచ్చిన 12 అంకెల యూఏఎన్ నంబరు, దానికి లింకైన ఫోను.
- రెజ్యూమే, పీడీఎఫ్‌లో.
- ఒక పూర్తి రోజు, ముఖ్యంగా రెండో అడుగు కోసం.

1. పేరు పెట్టకముందే ఐదు సంగతులు చెప్పండి

రిఫర్ చేసే మనిషి కంపెనీ పోర్టల్‌లో ఒక ఫారం నింపుతాడు. మీ పేరు, ఈమెయిల్, ఫోను, రెజ్యూమేతో పాటు మీరు ఆయనకి ఎలా తెలుసో, బంధువులా కాదా కూడా చాలా కంపెనీలు అడుగుతాయి. అక్కడ ఆయన రాసింది, రేపు మీరు చెప్పేది ఒకటే కావాలి. అందుకని ముందే ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

"అన్నా, జాబ్ ఐడీ పంపుతున్నా. మీ కంపెనీకి నేను ఇంతకుముందు అప్లై చేయలేదు, కన్సల్టెన్సీ వాళ్ళకి కూడా రెజ్యూమే ఇవ్వలేదు. అనుభవం 2 ఏళ్ళ 8 నెలలు, అందులో మొదటి మూడున్నర నెలలు ట్రైనీ. నోటీసు పీరియడ్ 60 రోజులు. ఇంకో కంపెనీలో రెండో రౌండు నడుస్తోంది. మనం అక్కచెల్లెళ్ళ పిల్లలమని ఫారంలో రాయి. ఇవన్నీ చూసి, పెట్టొచ్చు అనిపిస్తేనే పెట్టన్నా."

ఇందులో ఎక్కువమంది మరిచిపోయేది పాత అప్లికేషన్. ఎప్పుడో జాబ్ సైట్‌లో నొక్కి ఉంటారు, లేదా కన్సల్టెన్సీ మీకు చెప్పకుండానే పంపి ఉంటుంది. చాలా కంపెనీల్లో ఒక ప్రొఫైల్ ఒకసారి లోపలికి వెళ్తే కొన్ని నెలలపాటు అది ముందు తెచ్చినవాళ్ళ లెక్కలోనే ఉంటుంది. అన్న పెట్టబోతే "ఇప్పటికే ఉంది" అని వస్తుంది. మీ ఈమెయిల్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి వెతికితే పాత అప్లికేషన్ ఉంటే తేలుతుంది. కన్సల్టెన్సీలకి ఫోన్ చేసి కూడా అడగండి. దొరికితే దాచొద్దు, తేదీతో సహా చెప్పండి. ఆయన హెచ్‌ఆర్‌ని అడిగి ఏం చేయాలో చెప్తాడు. ఇంకో ఈమెయిల్‌తో కొత్త ప్రొఫైల్ తయారుచేసి పంపడం మాత్రం వద్దు. ఫోను నంబరుతోనో, పుట్టిన తేదీతోనో దొరికిపోతుంది, అప్పుడు ఇద్దరూ కలిసి చేశారనే అనుకుంటారు.

బంధుత్వం దాచాలని ఇంట్లో పెద్దవాళ్ళు సలహా ఇస్తారు. వినొద్దు. బంధువుల్ని రిఫర్ చేయడాన్ని చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఆయన ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోకూడదు, మీరు ఆయన కింద పనిచేయకూడదు, అలాంటి షరతులే ఉంటాయి. దాచిన బంధుత్వం తర్వాత బయటపడటమే తప్పవుతుంది.

ఇక్కడే ఇంకో మాట. రిఫరల్ పెట్టడానికి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. నిజంగా రిఫర్ చేసే ఉద్యోగికి చాలాచోట్ల కంపెనీయే బోనస్ ఇస్తుంది. అభ్యర్థి దగ్గర తీసుకోవాల్సిన అవసరమే లేదు.

2. రెజ్యూమేని పీఎఫ్ చరిత్రతో కలిపి చూడండి

ఈ ఒక్క అడుగుకి సగం రోజు పెట్టండి. మాట పోయే సందర్భాలు ఎక్కువ ఇక్కడే పుడతాయి, అదీ మోసం చేయాలని లేకుండానే.

ఆఫర్ ఇచ్చిన తర్వాతో, చేరేముందో కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. మీరు ఎక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశారో చూడటానికి పీఎఫ్ రికార్డు తేలికైన దారి. అందులో ఉన్నది మీరు ముందే చూసుకోవాలి. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్‌తో లాగిన్ అవ్వండి. పైన `View` మెనూలో `Service History` నొక్కితే కంపెనీ పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ కనిపిస్తాయి. అది కాగితం మీద రాసుకుని పక్కన రెజ్యూమే పెట్టుకోండి.

మన ఉదాహరణలో అమ్మాయికి ఏం కనిపిస్తుందో చూడండి. ఆమె చేరింది 2023 జూన్ 12న. కానీ మొదటి మూడున్నర నెలలు ట్రైనీగా స్టైపెండ్ ఇచ్చారు, పీఎఫ్ కట్టలేదు. అక్టోబర్ 1 నుంచి జీతం, పీఎఫ్ మొదలైంది. అంటే రికార్డులో ఆమె అనుభవం 2 ఏళ్ళ నాలుగున్నర నెలలు. ఆమె లెక్క 2 ఏళ్ళ 8 నెలలు. రెజ్యూమే పైన మాత్రం, ఎవరో స్నేహితురాలు చెప్పిందని, "3+ ఏళ్ళు" అని ఉంది.

మూడు చోట్ల మూడు లెక్కలు. ఆమె ఎవరినీ మోసం చేయలేదు. కానీ వెరిఫికేషన్ రిపోర్టులో ఇది "తేడా ఉంది" అనే వస్తుంది. హెచ్‌ఆర్ ఫోన్ చేసేది ముందు అన్నకే కావచ్చు: "మీరు పెట్టిన క్యాండిడేట్‌కి మూడేళ్ళు లేవటండీ?"

సరిచేయడం ఇలా. పైన ఉన్న "3+" తీసేసి "2 ఏళ్ళ 8 నెలలు" అని రాయండి. కింద అనుభవం దగ్గర ఒక కంపెనీనే రెండు వరుసల్లో చూపండి: "ట్రైనీ, జూన్ 2023 నుంచి సెప్టెంబర్ 2023" అని ఒకటి, "టెస్ట్ ఇంజనీర్, అక్టోబర్ 2023 నుంచి ఇప్పటిదాకా" అని ఇంకోటి. ఇప్పుడు రెండో వరుస పీఎఫ్ రికార్డుతో కలుస్తుంది. మొదటి వరుసకి ట్రైనీ లెటరు, స్టైపెండ్ పడిన బ్యాంకు స్టేట్‌మెంటు సాక్ష్యం. ప్రకటనలో కచ్చితంగా మూడేళ్ళు కావాలని ఉంటే అది అన్నకి చెప్పండి. నాలుగు నెలలు తక్కువైతే పర్వాలేదో కాదో మేనేజర్ చెప్పాలి తప్ప మీరు అంకె పెంచి తేల్చుకునేది కాదు.

మీ దగ్గర తేడా ఇంకో రకంగా ఉండొచ్చు. కంపెనీ చిన్నదై పీఎఫ్ అసలు లేకపోవచ్చు. 20 మంది కంటే తక్కువ పనిచేసే చోట సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు. అప్పుడు పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు నెల నెలకీ ఉండాలి. జీతం చేతికిచ్చే చోటైతే ఆ సంగతి హెచ్‌ఆర్‌కి మొదటి ఫోన్‌లోనే చెప్పి, ఏ కాగితం పనికొస్తుందో అడగండి. పాత కంపెనీ వాళ్ళు మీరు మానేసిన తేదీ ఎక్కించకపోతే రెండు చోట్లా ఒకేసారి పనిచేసినట్టు కనిపిస్తుంది. కడపటి పీఎఫ్ జమ అయ్యి రెండు నెలలు దాటితే `Manage` మెనూలో `Mark Exit` ద్వారా మీరే తేదీ పెట్టుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీనే పెట్టండి.

డబ్బిచ్చి కొన్న అనుభవ పత్రాలు మీ రెజ్యూమేలో ఉంటే రిఫరల్ అడగొద్దు. ఇది గట్టిగానే చెప్తున్నాం. మీ ఒక్కరి ఆఫర్ రద్దయితే అది మీ నష్టం. కానీ రిఫర్ చేసిన మనిషి తెలిసే చేశాడా అన్న ప్రశ్న ఆయన ఫైలులోకి వెళ్తుంది, మీరు ఇంకో ఉద్యోగం చూసుకున్నాక కూడా అది అక్కడే ఉంటుంది.

ఎలా సరిచూసుకోవాలి: రెజ్యూమేలోని ప్రతి తేదీ పక్కనా, దాన్ని రుజువు చేసే కాగితం పేరు రాయండి. ఏ తేదీ పక్కనైనా ఖాళీ మిగిలితే ఆ వరుస మార్చాలి, లేదా కాగితం తేవాలి.

3. లింకు వచ్చిన 24 గంటల్లో పూర్తి చేయండి

అన్న ఫారం నింపాక మీకు ఈమెయిల్‌లో లింకు వస్తుంది. స్పామ్‌లో కూడా చూడండి. ఆ లింకు నుంచే, అన్న రాసిన అదే ఈమెయిల్‌తోనే అప్లై చేయాలి. కంపెనీ వెబ్‌సైట్‌కి నేరుగా వెళ్ళి చేస్తే చాలాచోట్ల అది మామూలు అప్లికేషన్‌గా పడి రిఫరల్ విడిపోతుంది. పూర్తయ్యాక వచ్చిన మెయిల్‌ని స్క్రీన్‌షాట్ తీసి అన్నకి పంపితే ఆయన పోర్టల్‌లో చూసుకుంటాడు.

4. అన్నని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు

ఇది చాలామందికి తెలియక, కొందరికి చనువెక్కువై జరిగే తప్పు.

అడగొచ్చు: ఆ టీమ్ ఏ పని చేస్తుంది, ఎన్ని రౌండ్లు ఉంటాయి, రౌండు మామూలుగా ఎంతసేపు, ఆఫీసుకి వారానికి ఎన్ని రోజులు రావాలి, ప్రకటనలో నాకు అర్థంకాని ఈ పదం ఏంటి. కంపెనీలో కొత్తగా చేరే ఎవరికైనా హెచ్‌ఆర్ చెప్పే సంగతులే ఇవి.

అడగకూడదు: పోయినసారి అడిగిన ప్రశ్నలు, ప్యానెల్‌లో ఎవరున్నారు, "వాళ్ళతో ఒక మాట చెప్పు", నా తర్వాత ఇంకెంతమంది ఉన్నారు, జీతం ఎంత దాకా ఇస్తారు. ఆయన చెప్పినా వినకండి, చెప్పొద్దని అనండి. ప్రశ్నలు ముందే తెలిసినవాళ్ళని ప్యానెల్ తేలిగ్గా పట్టేస్తుంది. కష్టమైన ప్రశ్నకి ఆలోచించకుండా జవాబు వస్తుంది, దాన్నే కొంచెం మార్చి అడిగితే మాట ఆగిపోతుంది. అప్పుడు చూపు నేరుగా రిఫర్ చేసినవాళ్ళ మీదకే వెళ్తుంది.

అన్నతో ఒక ప్రాక్టీసు ఇంటర్వ్యూ చేయించుకోవచ్చా అని అడుగుతారు. ఆయన ఆ టీమ్‌లో గానీ, ఆ ప్యానెల్‌లో గానీ లేకపోతే చేయొచ్చు. ఉంటే వద్దు, బయట సీనియర్ ఎవరినైనా అడగండి.

ఇక ఇంట్లోవాళ్ళు. అమ్మ పెద్దమ్మకి, పెద్దమ్మ కొడుక్కి, రోజుకి రెండుసార్లు ఫోన్లు నడుస్తాయి: "పిల్లది ఏమైందిరా, నువ్వే కాస్త చూడు." ఆ మాటలు వినీ వినీ విసిగిన మనిషి ఆఫీసులో హెచ్‌ఆర్‌ని మూడోసారి అడుగుతాడు. అక్కడ మొదలవుతుంది చిక్కు. అందుకని తారీఖు ఇంట్లో చెప్పేటప్పుడే "ఫలితం నాకే వస్తుంది, అన్నకి ఫోన్ చేయొద్దు" అని ఒకసారి గట్టిగా చెప్పండి.

5. రెజ్యూమేలో ఉన్న ప్రతి ముక్కకీ ఒక పని చూపించేలా తయారవ్వండి

ఉన్నది నిజమే అయినా, చెప్పలేకపోతే అబద్ధంలాగే వినిపిస్తుంది. మీరు రాసిన వరుసల్లో గట్టివి రెండు తీసుకుని, ఒక్కొక్కదానికీ మూడు నిమిషాల జవాబు తయారుచేసుకోండి. మిగతా వరుసల్లో మీరు రెండు ప్రశ్నలకి మించి నిలబడలేనివి ఉంటే తీసేయండి. ఒక వారం చూసి వదిలేసిన టూలు పేరు రెజ్యూమేలో ఉండకూడదు.

మన అమ్మాయి రొయ్యల మేత డీలర్లు వాడే బిల్లింగ్ యాప్ టెస్ట్ చేసింది. రెజ్యూమేలో "బిల్లింగ్ మాడ్యూల్‌లో ముఖ్యమైన బగ్గులు పట్టాను" అని ఉంది. ఇది ఎవరైనా రాసే మాట. ప్యానెల్ "ఒకటి చెప్పండి" అంటుంది. జవాబు ఇలా ఉండాలి:

"చెరువుల దగ్గర నెట్ నెమ్మదిగా ఉంటుంది. సేవ్ నొక్కాక వెంటనే ఏమీ కనిపించదు కాబట్టి డీలర్ మళ్ళీ నొక్కుతాడు. ఒకే బిల్లు రెండుసార్లు పడుతోంది. ఆఫీసు నెట్‌లో ఇది కనిపించలేదు. ఫోన్‌లో నెట్‌ని 2జీకి తగ్గించి, సేవ్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కి చూశాను. పదిసార్లు చేస్తే ఏడుసార్లు రెండు బిల్లులు వచ్చాయి. ఆ అడుగులు, నెట్ రకం, రెండు బిల్లు నంబర్లు రాసి బగ్ వేశాను. డబ్బు లెక్క తప్పుతుంది కాబట్టి సివియారిటీ ఎక్కువ పెట్టాను. డెవలపర్ బటన్‌ని ఒకసారి నొక్కాక ఆపేశాడు. నేను మళ్ళీ చూస్తే బటన్ ఆగింది గానీ, నెట్ తెగి మళ్ళీ వచ్చినప్పుడు యాప్ తనంతట తానే ఇంకోసారి పంపుతోంది. అప్పుడు డెవలపర్ సర్వర్ వైపు కూడా ఒకే బిల్లు రెండోసారి రాకుండా చెక్ పెట్టాడు. ఆ తర్వాత రసీదు, వాపసు స్క్రీన్లు కూడా అలాగే పరీక్షించాను."

ఈ జవాబులో గొప్ప పదాలేమీ లేవు. ఎక్కడ దొరికింది, ఎలా మళ్ళీ తెప్పించింది, మొదటి మరమ్మతు ఎందుకు సరిపోలేదు, తర్వాత ఇంకెక్కడ చూసింది అన్నవి ఉన్నాయి. చేయనివాళ్ళకి ఆ మూడోది తెలియదు. ప్యానెల్ కూడా అక్కడే ఇంకా లోతుగా అడుగుతుంది.

టీమ్ చేసిన పనిని "నేను చేశాను" అనొద్దు. సర్వర్ చెక్ రాసింది డెవలపరే అని పై జవాబులో ఉంది చూడండి. మీ వంతు ఎక్కడిదాకో చెప్పేస్తే మిగతాది అడగరు.

ఎలా సరిచూసుకోవాలి: జవాబు ఫోన్‌లో రికార్డు చేసి, ఆ పనితో సంబంధం లేని స్నేహితుడికి వినిపించండి. "బగ్ ఏంటి? నువ్వేం చేశావు?" అని అడగండి. రెండూ చెప్పగలిగితే జవాబు తయారైనట్టే.

6. ఇంటర్వ్యూ రోజు

టైము ఖరారయ్యాక మార్చాల్సి వస్తే కనీసం ఒక రోజు ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, రెండు వేరే టైములు ఇస్తూ. అన్నకి చెప్పి ఆయనతో చెప్పించొద్దు. ఒకసారి మార్చడం మామూలే. రెండోసారి మార్చితే అది గుర్తుండిపోతుంది.

వీడియో రౌండుకి కావలిలో ఇంటి నుంచి కూర్చుంటే కరెంటు, నెట్ రెండూ మీ బాధ్యతే. ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ చేసుకోండి. ఇంటి నెట్‌తో పాటు ఫోన్ హాట్‌స్పాట్, అదీ వేరే కంపెనీ సిమ్‌ది, ముందురోజు అదే టైముకి పెట్టి చూడండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనవైపు వాయుగుండం పట్టిందంటే గంటలకొద్దీ కరెంటు ఉండదు. ఆ నెలల్లో అయితే నెల్లూరులోనో ఒంగోలులోనో ఇన్వర్టర్ ఉన్న స్నేహితుల ఇల్లు ముందే మాట్లాడుకోండి. మధ్యలో తెగిపోతే రెండు నిమిషాల్లో తిరిగి చేరడానికి ప్రయత్నించి, కుదరకపోతే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు కాగితం మీద రాసి ఉంచుకోండి.

గదిలో ఇంకెవరూ ఉండకూడదు, పక్కన ఫోను తెరిచి ఉండకూడదు. చూపు మాటిమాటికీ ఒకే పక్కకి పోతే, లేదా ప్రతి ప్రశ్న తర్వాతా ఒకేలాంటి ఆలస్యం వస్తే ఎవరో అందిస్తున్నారని అనుమానిస్తారు. నోట్సు చూడాల్సి వస్తే "ఒక్క నిమిషం, నా నోట్సు చూస్తాను" అని చెప్పి చూడండి. అడిగి చూస్తే ఎవరూ తప్పుపట్టరు.

హైదరాబాద్‌లో పది గంటలకి ఇంటర్వ్యూ అయితే ముందురోజు రాత్రి సింహపురి ఎక్కి, తెల్లారి దిగి, నేరుగా ఆఫీసుకి వెళ్ళే పని పెట్టుకోకండి. రైలు ఆలస్యమైతే కారణం మీది కాదు, కానీ రాని మనిషి మీరే అవుతారు. ఒక రోజు ముందే చేరండి. అన్న ఇంట్లోనే దిగినా ఆఫీసుకి మాత్రం విడిగా వెళ్ళండి. ఆయన బండి మీద దిగి, ఆయనతో క్యాంటీన్‌లో టిఫిన్ తిని, ఆయన దగ్గరుండి రిసెప్షన్‌లో కూర్చోబెట్టడం చూసేవాళ్ళకి సిఫార్సులాగే ఉంటుంది.

"మిమ్మల్ని ఎవరు రిఫర్ చేశారు?" అని అడిగితే జవాబు ఒక వాక్యం: పేరు, బంధుత్వం, అంతే. "ఫలానా ఆయన, మా పెద్దమ్మగారి అబ్బాయి. ఈ ఉద్యోగం గురించి ఆయన ద్వారా తెలిసింది." అడగకపోతే మీ అంతట మీరు తేవొద్దు. "మా అన్న ఈ టీమ్ చాలా మంచిదన్నాడు", "మా అన్న ఇక్కడ పని ఎక్కువన్నాడు" రెండూ వద్దు. మొదటిది కాకాపట్టినట్టు ఉంటుంది, రెండోది ఆయన లోపలి మాటలు బయట చెప్తాడని చూపిస్తుంది.

తెలియని ప్రశ్నకి "నేను అది చేయలేదు, నాకు తెలిసిన దగ్గరిది ఇదీ" అనండి. తడబడుతూ ఊహించి చెప్పేకంటే ఇది ఎంతో నయం. రిఫరల్ మీద వచ్చినవాళ్ళు అన్న పరువు అనుకుంటూ తెలియదని ఒప్పుకోవడానికి వెనకాడతారు. అదే వాళ్ళని ముంచుతుంది.

7. అయిపోయాక

అదే సాయంత్రం అన్నకి ఒక మెసేజ్: "అన్నా, అయింది. 50 నిమిషాలు పట్టింది. ఏపీఐ టెస్టింగ్ దగ్గర రెండు చెప్పలేకపోయా, మిగతావి చెప్పా. ఫలితం హెచ్‌ఆర్ చెప్తామన్నారు." తప్పినవి కూడా చెప్పండి. రేపు క్యాంటీన్‌లో ఎవరైనా అంటే ఆయనకి కొత్తగా అనిపించకూడదు. ప్రశ్నలు అక్షరాలా రాసి పంపకండి, కాలేజీ గ్రూపుల్లో అసలే పెట్టకండి.

హెచ్‌ఆర్ ఒక తేదీ చెప్పి ఉంటే ఆ తేదీ దాటిన మర్నాడు, చెప్పకపోతే ఐదు పనిరోజుల తర్వాత, నేరుగా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఇంకో వారం చూసి జవాబు రాకపోతే అప్పుడు అన్నని ఒక్కసారి అడగొచ్చు.

ఎంపిక కాకపోతే ఆ కబురు అన్నకి మీ నుంచే వెళ్ళాలి, హెచ్‌ఆర్‌కి ధన్యవాదాలు చెప్తూ రెండు వరుసల మెయిల్ వెళ్ళాలి. "ఎందుకు తీసేశారో కనుక్కో" అని ఆయన్ని పంపొద్దు. మళ్ళీ ఎప్పుడు అప్లై చేయొచ్చో హెచ్‌ఆర్‌ని అడిగి తేదీ రాసిపెట్టుకోండి.

8. ఆఫర్ వచ్చాక

జీతం మాట హెచ్‌ఆర్‌తోనే మాట్లాడండి. ఇప్పుడు వస్తున్న జీతం అడిగితే పేస్లిప్‌లో ఉన్న అంకే చెప్పాలి. పేస్లిప్ అడగకుండా వదలరు.

నోటీసు పీరియడ్ దగ్గర మన ఉదాహరణకే మళ్ళీ వద్దాం. ఆమెకి 60 రోజులు. ఆఫర్ మార్చి 9న వచ్చి, మర్నాడే రాజీనామా ఇస్తే, ఆ మర్నాటి నుంచి లెక్కపెడితే కడపటి రోజు మే 9. ఆమె ఉత్సాహంలో "30 రోజుల్లో వచ్చేస్తా" అందనుకోండి, నెల్లూరు కంపెనీ వదలకపోతే ఇక్కడ ఒక మనిషి కోసం నెలరోజులు ఖాళీ కుర్చీ. అందుకని ముందు 60 అనే చెప్పాలి. పాత కంపెనీ రాసిచ్చాకే తగ్గించాలి.

ఇంకో కంపెనీ ఆఫర్ కోసం చూస్తూ దీన్ని ఒప్పుకుని ఉంచుకోవడం, రిఫరల్‌కి సంబంధించినంత వరకు, ఈ మొత్తంలో అన్నిటికంటే చెడ్డ పని. చేరే రోజు ఉదయం ఫోన్ ఎత్తని అభ్యర్థి గురించి మేనేజర్ నేరుగా వెళ్ళి అడిగేది రిఫర్ చేసినవాళ్ళనే. ఆలోచించడానికి టైము కావాలంటే సంతకం పెట్టేముందే "నాలుగు రోజులు ఇవ్వండి" అని అడగండి, మామూలుగా ఇస్తారు. సంతకం పెట్టాక మనసు మారితే, లేదా ఇంట్లో పరిస్థితి మారితే, అదే రోజు ముందు అన్నకి ఫోన్, గంటలో హెచ్‌ఆర్‌కి మెయిల్. అన్నకి హెచ్‌ఆర్ ద్వారా తెలియకూడదు.

వెరిఫికేషన్ ఫారం నింపేటప్పుడు రెండో అడుగులో రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని అవే తేదీలు ఎక్కించండి. ట్రైనీ నెలల గురించి అక్కడ గడి లేకపోతే, వివరాలు రాసే చోట ఒక వాక్యం రాసి, లెటరు జతచేయండి. ఇలా చేసినవాళ్ళకి సాధారణంగా ఒక మెయిల్‌తో సరిపోతుంది. దాచినవాళ్ళకి చేరే తేదీయే వెనక్కి పోతుంది.

చేరాక మొదటి నెలలు

రిఫరల్ బోనస్ చాలా కంపెనీల్లో మీరు చేరగానే ఇవ్వరు. కొన్ని నెలలు పూర్తయ్యాక ఇస్తారు, 90 రోజులు తరచుగా కనిపించే గడువు. ఆ డబ్బులో వాటా అడగడం, ఆయన ఇస్తానన్నా తీసుకోవడం రెండూ వద్దు. కొన్ని కంపెనీల నియమాల ప్రకారం అది తప్పు కూడా.

పనిలో అర్థంకానివి మీ టీమ్ లీడ్‌ని అడగండి, అన్న సీటు దగ్గరికి వెళ్ళి కాదు. మీ లీడ్ మీద కోపాన్ని అన్న దగ్గర చెప్పుకుంటే అది నాలుగు రోజుల్లో తిరిగి మీ లీడ్ చెవిన పడుతుంది, ఆయన పేరుతో సహా. ఒకవేళ అసలు కుదరక మూడు నెలల్లోపే మానేయాల్సి వస్తే, రాజీనామా మెయిల్ పంపడానికి ముందురోజు అన్నని కలిసి కారణం చెప్పండి. మర్నాడు మేనేజర్ ఆయన్ని అడుగుతాడు, అప్పటికి ఆయన దగ్గర జవాబు ఉండాలి.